బీరువాలో 214వ నంబరు ఎక్కడ?

జనవరి మొదటి వారంలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి ఏ దుకాణం ముందైనా కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంట పడకుండా ఉండదు. ఒక పెద్దాయన పుస్తకం చేతిలోకి తీసుకుంటారు, వెల చూస్తారు, నాలుగు పేజీలు తిరగేస్తారు. నచ్చినట్టే ఉంటుంది గానీ జేబులోకి చెయ్యి వెళ్లదు. "ఇది మనింట్లో ఉందేమోనే" అని భార్య వైపు తిరుగుతారు. "ఉండేదండీ. మీ చెల్లెలి ఆడపడుచు పట్టుకెళ్లలేదూ?" అంటుంది ఆవిడ. "మళ్లీ ఇచ్చిందా?" అంటే జవాబు లేదు. చివరికి కొనేస్తారు. ఇంటికెళ్లి బీరువా సర్దేటప్పుడు పాత ప్రతి వెనక వరుసలోంచి బయటపడుతుంది. పాపం, ఆడపడుచు ఎప్పుడో తెచ్చిచ్చేసింది.

ఇంట్లో పుస్తకాలు వంద దాటేవరకూ యజమాని జ్ఞాపకమే కేటలాగు. మూడొందలు దాటేసరికి ఆ జ్ఞాపకం తడబడుతుంది. అప్పటినుంచి మూడు ప్రశ్నలు వేధిస్తాయి: పుస్తకం మన దగ్గర ఉందా, ఉంటే ఏ అరలో ఉంది, అరలో లేకపోతే ఎవరింట్లో ఉంది? మొదటిదానికి జాబితా, రెండోదానికి అరల మీదా పుస్తకాల మీదా చీటీలు, మూడోదానికి అరువు రిజిస్టరు జవాబు చెబుతాయి. ఈ మూడింటినీ కలిపే దారం ప్రతి పుస్తకానికీ ఇచ్చే ఒక నంబరు. చాలామంది తప్పు చేసేది ఆ నంబరు దగ్గరే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు సహజంగా తట్టే ఆలోచన ఏమిటంటే, మూడో అరలో పన్నెండో పుస్తకం కాబట్టి దాని పేరు 3-12. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. వచ్చే నెల అదే రచయితది ఇంకో పుస్తకం కొని పక్కన పెట్టగానే పదమూడు నుంచి చివరిదాకా అన్ని అంకెలూ చెడిపోతాయి. ఇల్లు మారి కొత్త బీరువా వస్తే మొత్తం చీటీలు పీకాల్సిందే. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద పెద్ద గ్రంథాలయాలే ఈ ఇరుకులో పడ్డాయి. అక్కడ పుస్తకానికి అరా వరుసా గుర్తుగా ఉండేవి. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ తన దశాంశ వర్గీకరణ తెచ్చినప్పుడు దాని బలం ఇక్కడే ఉంది. అంకె అరకు కాక విషయానికి చెందింది కాబట్టి, పుస్తకాలను ఎటు జరిపినా అంకె మారనక్కర్లేదు.

అలాగని ఇంట్లో డ్యూయీ అంకెలు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు గానీ అందులో చిక్కుంది. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తానికీ దక్కిన చోటు 894.827. కవిత్వమైతే చివర 1, నాటకమైతే 2, కథలూ నవలలూ అయితే 3. అంటే ఒక తెలుగు ఇంట్లో నాలుగొందల పుస్తకాలుంటే వాటిలో రెండొందలకు పైగా 894.8273 అనే ఒకే గుర్తుతో వరుసగా నిలబడతాయి. ప్రపంచంలోని పుస్తకాలన్నిటికీ చోటు చూపాల్సిన పద్ధతికి అది సబబే. రావిశాస్త్రిని వెతుక్కునే ఇంటివాళ్లకు మాత్రం అక్కరకు రాదు.

ఇంటికి సరిపడే పద్ధతి ఇంతకంటే తేలిక. పుస్తకం ఇంటికి వచ్చిన వరుసలో 1, 2, 3 అని నంబరు పడుతుంది. గ్రంథాలయాలవాళ్లు దీన్నే యాక్సెషన్ నంబరు అంటారు. ఆ నంబరు పుస్తకంతో పుట్టి పుస్తకంతో పోతుంది. పుస్తకం పోయినా దాన్ని ఇంకోదానికి ఇవ్వకూడదు. విభాగం, అర వేరే సంగతి, అవి ఎప్పుడైనా మారవచ్చు. మనిషికి పేరెలాగో పుస్తకానికి నంబరు అలాగ. అర అద్దె ఇల్లులాంటిది.

ఒక మాదిరి ఇల్లు తీసుకుని చూద్దాం. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన తండ్రి, కోడలు, కొడుకు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు. ఒక ఇనప బీరువా, గోడకు ఐదు అరలు, 460 పుస్తకాలు. పని మొదలయ్యేది పెన్నుతో కాదు, చాపతో. హాల్లో చాప పరిచి పుస్తకాలన్నీ కిందికి దించి, పెద్దగా ఆలోచించకుండా కుప్పలు వెయ్యాలి. ఏ విభాగాలు ఉండాలో ముందే కాగితం మీద రాసుకుంటే ఉన్న పుస్తకాలకు తగ్గ విభాగాలు రావు, ఉండాలనుకున్న పుస్తకాలకు తగ్గవి వస్తాయి. చాప మీద కుప్పలు అబద్ధం చెప్పవు. నవలల కుప్ప నడుం ఎత్తుకు లేస్తుంది. సైన్సు పేరిట నాలుగే తేలతాయి.

రెండు లెక్కలు గుర్తుంచుకుంటే చాలు. పది పుస్తకాలు కూడా లేని కుప్పను పక్కదానిలో కలిపెయ్యాలి. ఒక అర పట్టని కుప్పను రెండు చెయ్యాలి. మాస్టారింట్లో నాటకాలు ఆరే ఉన్నాయి, అందులో 'కన్యాశుల్కం' ఒకటి. ఆరింటికి ఓ విభాగం దండగ కాబట్టి 'కథలూ నాటకాలూ' అయ్యింది. నవలలు రెండు అరలు దాటాయి కాబట్టి తెలుగు నవలలు ఒకటి, అనువాద నవలలు ఒకటిగా విడిపోయాయి. మొత్తం మీద తొమ్మిది తేలాయి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటే ఇంట్లో అందరికీ నోటికి వస్తాయి. ఇరవై పెట్టినవాళ్లు ఆర్నెల్ల తర్వాత తమ విభాగాలను తామే మరిచిపోతారు.

గొడవంతా గట్టు మీద పుస్తకాలతోనే. నామిని 'పచ్చనాకు సాక్షిగా' కథలా, జ్ఞాపకాలా? శ్రీశ్రీ 'అనంతం' ఆత్మకథల్లోకి వెళితే 'మహాప్రస్థానం' కవిత్వంలో ఒంటరిగా మిగులుతుంది. ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' చరిత్రలోకా, సాహిత్య విమర్శలోకా? పండితులను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఇంటికి పనికొచ్చే ప్రశ్న ఒకటే: ఈ పుస్తకం కావాల్సివస్తే ఇంట్లోవాళ్లు మొదట ఏ అర దగ్గరికి వెళతారు? మాస్టారు, కోడలు, మనవరాలు ముగ్గురినీ విడివిడిగా అడిగితే ఇద్దరి మాట కలుస్తుంది. అదే ఖాయం. మూడో మనిషి కోసం జాబితాలో 'ఇతర విషయం' అనే గడిలో రెండో విభాగం పేరు రాస్తే సరి.

ఇక రచయిత పేరు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి దాన్ని ముందుకు లాగి కామా పెట్టి రాయాలి. తెలుగులో ఇంటిపేరే ముందుంటుంది, ఆ తిప్పలు లేవు. కానీ మనకు వేరే తిప్పలున్నాయి. గుడిపాటి వెంకటచలాన్ని 'గ'లో వెతికేవాళ్లు ఎవరూ లేరు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి అని తెలిసినవాళ్లు కూడా ఆరుద్ర అనే అంటారు. రంగనాయకమ్మ పాత పుస్తకాల మీద ముప్పాళ్ల అనే ఇంటిపేరు కనబడుతుంది, తర్వాతవాటి మీద ఉండదు. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు పాటిస్తే ఒకే రచయిత్రి పుస్తకాలు 'మ'లో కొన్ని, 'ర'లో కొన్ని చేరతాయి. నలుగురూ పిలిచే పేరు ఒకటి ఎంచుకుని అన్నిటికీ దాన్నే వాడాలి. అనువాదాల్లో ఈ ముడి మరీ బిగుస్తుంది. 'ఏడు తరాలు' రాసింది అలెక్స్ హేలీ, తెలుగు చేసింది సహవాసి. ఇంట్లో అందరూ సహవాసి పుస్తకమనే అంటుంటే 'స' దగ్గర పెట్టుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. కాకపోతే అనువాదాలన్నిటికీ అదే నియమం ఉండాలి.

చీటీ మీద మూడు పంక్తులు సరిపోతాయి. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'సారా కథలు' మాస్టారింట్లో 214వ పుస్తకం. దాని చీటీ ఇలా ఉంటుంది: పైన 'కథ', మధ్యలో 'రా', కింద '214'. విభాగానికి ఒక్క అక్షరమే రాద్దామనుకుంటే తెలుగులో కుదరదు. కథలూ కవిత్వమూ రెండూ 'క'తోనే మొదలవుతాయి. అందుకని 'కథ', 'కవి' అని రెండేసి అక్షరాలు రాయాలి. మనవరాలికి ఓపికుంటే విభాగానికో రంగు చుక్క పెట్టవచ్చు. తప్పు అరలో దూరిన పుస్తకం దూరం నుంచే పట్టుబడుతుంది.

చీటీ ఎక్కడ అంటించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అక్కడే చేతులు కాల్చుకుంటారు. పుస్తకం వెన్ను మీద, అడుగు నుంచి ఒక అంగుళం పైన, అన్నిటికీ ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడు కన్ను ఒకే గీత మీద నడుస్తుంది. కానీ మన పుస్తకాల్లో చాలావాటికి చీటీ పట్టేంత వెన్ను ఉండదు. పాత పాకెట్ పుస్తకాలు, మధ్యలో పిన్ను కొట్టిన కవితా సంకలనాలు, సభల్లో పంచిన చిన్న పుస్తకాలు వేలెడు మందం కూడా ఉండవు. అలాంటివాటికి ముందు అట్ట మీద, వెన్ను పక్కన కింది మూలలో అంటించాలి. మరీ పలచనివాటిని ఒక బాక్సు ఫైల్లో నిలబెట్టి, ఫైలు మీద విభాగం పేరు రాయాలి. నంబరు మాత్రం దేనికదే.

అరవై డెబ్భై ఏళ్ల నాటి పుస్తకాలకు స్టిక్కరు వద్దే వద్దు. జిగురు కాగితంలోకి ఇంకుతుంది, పీకితే అట్ట ఊడొస్తుంది. సెల్లోటేపు ఇంకా పాపిష్టిది. నాలుగైదేళ్లకు పసుపెక్కి, జిగట బయటికి కారి, పక్క పుస్తకాన్ని కూడా పట్టుకుంటుంది. ఇంట్లో కాచిన మైదా జిగురు కాగితానికి మంచిదే గానీ పురుగుకు విందు. బైండింగువాళ్లు అందులో మైలుతుత్తం కలిపేది అందుకే. పాతవాటికి మందపాటి కాగితం ముక్క మీద నంబరు రాసి, పుస్తకంలో పెట్టి, అంగుళం పైకి కనిపించేలా వదిలితే పని జరుగుతుంది. లోపల టైటిల్ పేజీ వెనక పెన్సిల్‌తో నంబరు రాయాలి. గ్రంథాలయాలవాళ్ల ఉపాయం ఒకటి ఇక్కడ అరువు తెచ్చుకోవచ్చు. ప్రతి పుస్తకంలోనూ ఒకే పేజీలో, ఉదాహరణకు 21వ పేజీ అడుగున, నంబరు మళ్లీ రాస్తారు. మొదటి పేజీలు చిరిగిపోయి తిరిగొచ్చినా పుస్తకం ఎవరిదో తేలిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఇంకో జాతి పుస్తకం ఉంది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి, దాచి, బైండు చేయించినది. వాటికి టైటిల్ పేజీ ఉండదు, ప్రచురణకర్త ఉండడు, ఒక్కోసారి మొదటి వారం కూడా ఉండదు. ఒకే బైండులో రెండు మూడు సీరియళ్లు కూర్చుంటాయి. దానికి ఒకటే నంబరు ఇచ్చి, జాబితాలో మాత్రం అదే నంబరుతో మూడు వరుసలు రాయాలి. లేకపోతే లోపలున్న రెండో నవల ఇంట్లో ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

జాబితాకు నోట్‌బుక్కయినా ఫోన్లో గూగుల్ షీట్ అయినా ఒకటే. అయితే పుస్తక ప్రదర్శనలో చేతికందేది ఫోనే. నంబరు, పేరు, రచయిత, అనువాదకులు, ప్రచురణ, ముద్రణ సంవత్సరం, విభాగం, ఇతర విషయం. ఎనిమిది గళ్లు చాలు. ఐఎస్‌బీఎన్ సంఖ్య కొట్టి వివరాలు వాటంతటవే తెచ్చుకుందామన్న ఆశ తెలుగు పుస్తకాల దగ్గర అంతగా ఫలించదు. పాతవాటికి ఆ సంఖ్యే ఉండదు. కాబట్టి చేత్తో రాయాలి, రాసేటప్పుడు అట్టను నమ్మకూడదు. అట్ట మీద చిత్రకారుడు పేరును విరిచి, వంచి రాస్తాడు. లోపలి టైటిల్ పేజీలో ఉన్నది రాసుకోవాలి. పుస్తకానికి మూడు నిమిషాల చొప్పున చూసినా 460 పుస్తకాలకు ఇరవై మూడు గంటలు. ఒకరు పుస్తకం తీసి చదివి చెబుతుంటే ఇంకొకరు టైపు చేస్తే ఆరేడు ఆదివారాల పని.

టైపు చేశాక వెతకడంలో ఒక మాయ ఉంది. 'వేయిపడగలు' అని కలిపి రాసి ఉంటే 'వేయి పడగలు' అని విడదీసి వెతికినవాళ్లకు దొరకదు. శ్రీశ్రీ మధ్య ఖాళీ ఉన్నా లేకపోయినా అదే గతి. పుస్తకం లేదని కాదు, ఖాళీ తేడా. పేరులో మధ్య ముక్క మాత్రం, అంటే 'పడగ' అని వెతికితే రెండు రకాలూ చిక్కుతాయి. ఇంట్లో తెలుగు టైపింగు రానివాళ్లుంటే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే గడి ఇంకొకటి కలపాలి.

అరల్లోకి ఎక్కించేటప్పుడు ప్రతి అరలోనూ కుడివైపు జానెడు ఖాళీ వదలాలి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో చివరిది గ్రంథాలయం పెరుగుతూనే ఉండే జీవి అని. బీరువాను నిండా కూరినవాళ్లకు ఆ సూత్రం మొదటి పుస్తకం కొన్న రోజే అర్థమవుతుంది. ఒకదాని వెనక ఒకటి రెండు వరుసలు పెట్టక తప్పకపోతే, వెనక వరుసలో ఏ విభాగం ఉందో అర అంచు మీద చీటీ ఉండాలి. మొదట చెప్పిన పెద్దాయన పుస్తకం రెండోసారి కొన్నది వెనక వరుస పుణ్యమే.

అసలు పరీక్ష అరువు దగ్గర. పాత గ్రంథాలయాల్లో దీనికి బ్రౌన్ పద్ధతి అనేవారు. మన సి.పి. బ్రౌన్‌తో దీనికి సంబంధం లేదు, నీనా బ్రౌన్ అనే అమెరికా గ్రంథాలయాధికారిణి పేరది. ప్రతి పుస్తకంలో ఒక కార్డు ఉంటుంది, పాఠకుడికి చిన్న సంచిలాంటి టికెట్టు ఉంటుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు కార్డు తీసి ఆ టికెట్టులో దూర్చి, తిరిగి ఇవ్వాల్సిన తేదీ వెనక పెట్టెలో నిలబెడతారు. పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడు రావాలో పెట్టె చూస్తే తెలుస్తుంది. ఇంట్లో టికెట్లు ఇస్తే చుట్టాలు నవ్వుతారు కాబట్టి పొడుగు నోట్‌బుక్ ఒకటి చాలు.

అందులో ఆరు గళ్లు: ఇచ్చిన తేదీ, నంబరు, పుస్తకం పేరు, తీసుకున్నవారు, ఎప్పటికి ఇస్తామన్నారు, తిరిగొచ్చిన తేదీ. నాలుగో గడిలో పేరును తీసుకునేవారి చేతే రాయించాలి. తమ చేతిరాత కనబడ్డాక "నేనెప్పుడు తీసుకున్నాను?" అనే మాట రాదు. ఐదో గడి గడువును కూడా వాళ్లనే చెప్పమనాలి. మనం పదిహేను రోజులంటే అది షరతు. వాళ్లు నెల అంటే అది మాట. తర్వాత అడగడం సులువవుతుంది. నోట్‌బుక్ బీరువా తలుపుకే వేలాడాలి, దానికి పెన్ను దారంతో కట్టి ఉండాలి. పక్కగదిలో ఉన్న రిజిస్టరు లేనట్టే. ఇచ్చిన పుస్తకం ఖాళీలో దాని నంబరు రాసిన అట్టముక్క ఒకటి నిలబెడితే, వెతికేవాళ్లు బీరువా అంతా తిరగేయరు.

రిజిస్టరు ఓడిపోయేది ఇంట్లో కాదు. పెళ్లిలోనో ఆఫీసులోనో బస్టాండులోనో చేతిలో ఉన్న పుస్తకం ఇచ్చేస్తాం, రాయడానికి ఏమీ ఉండదు. అక్కడికక్కడే పుస్తకం చీటీ కనిపించేలా, తీసుకున్నవారితో కలిపి ఫోటో తీసుకుని, రాత్రికి ఇంటికెళ్లి రిజిస్టరులోకి ఎక్కించాలి. ఇంకో గండం గొలుసు అరువు. తీసుకున్నవారు తమ వదినగారికిస్తారు, వదినగారు ఇంకెవరికో. "ఎవరికైనా ఇస్తే నాకో మాట చెప్పండి, పేరు మార్చి రాసుకుంటాను" అని ముందే అంటే, వద్దనకుండానే ఆ గొలుసు చాలావరకు ఆగుతుంది.

అడగడం ఎలా అన్నదే అందరి ఇబ్బంది. "నా పుస్తకం ఎప్పుడిస్తావు?" అంటే మనసు విరుగుతుంది. మాస్టారి కోడలు అడిగే తీరు వేరు: "అన్నయ్యగారూ, సారా కథలు చదవడం అయిందా? మామయ్యగారు మళ్లీ చదువుతానంటున్నారు." ఇందులో నింద లేదు, పుస్తకం కోసం ఇంట్లో ఒకరు ఎదురుచూస్తున్నారన్న కబురు మాత్రం ఉంది. గడువు దాటిన వారంలోగా అడిగితే పుస్తకం వస్తుంది. ఆర్నెల్లు ఆగితే అది వాళ్లింటి అరలో కలిసిపోయి వాళ్ల పుస్తకమైపోతుంది. ఒకరికి ఒకసారి రెండుకు మించి ఇవ్వకపోవడం కూడా మంచిది, మూడోది చదవకుండానే మూలన పడుతుంది.

కొన్ని మాత్రం గడప దాటకూడదు. మళ్లీ అచ్చు కానివి, రచయిత సంతకం ఉన్నవి, ఆ బైండు సీరియళ్లు. చీటీ మీద ఎర్ర చుక్క పెట్టి ఉంటే, కాదనలేని చుట్టం వచ్చినప్పుడు మాట తడబడక్కర్లేదు. చుక్కను చూపిస్తే సరిపోతుంది.

ఏడాదికోసారి లెక్క చూడటానికి సంక్రాంతి ముందు బూజు దులిపే రోజును మించింది లేదు. ఎలాగూ పుస్తకాలు దించుతారు. జాబితాను విభాగం, ఆపైన రచయిత వరుసలోకి మార్చుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు పుస్తకాన్ని తాకుతూ పోవాలి. దొరకనిదాన్ని వెంటనే పోయినట్టు రాయకూడదు. ముందు పక్క విభాగంలో, తర్వాత వెనక వరుసలో, ఆపైన రిజిస్టరులో చూడాలి. బీరువాలో ఖాళీలు కనిపిస్తూ రిజిస్టరులో నెలల తరబడి కొత్త వరుస లేకపోతే, అరువులు సాగుతున్నాయి, రాత ఆగిపోయిందని అర్థం. బల్ల మీద నంబరు పడని పుస్తకాలు ఇరవై పేరుకుంటే జాబితా కూడా అదే దారిలో ఉన్నట్టు.

మాస్టారింట్లో తొలి ఏడాది లెక్కలో నాలుగు కనబడలేదనుకుందాం. ఒకటి వంట పుస్తకాల్లో దూరిన ఆత్మకథ. ఒకటి వెనక వరుసలో. మూడోది రిజిస్టరులో ఉంది, తీసుకున్నది మనవరాలి స్నేహితురాలు, సెలవులు అయ్యాక ఇస్తానని తన చేత్తో రాసింది. నాలుగోదైన 87వ నంబరు ఎక్కడా లేదు. దాని వరుసలో 'కనబడలేదు' అని, పక్కన తేదీ వేసి వదిలేశారు. ఇంకో ప్రతి కొన్నప్పుడు దానికి పడే నంబరు 461.